మీ రబ్బర్ పార్ట్స్ ఫ్యాక్టరీకి కొత్త వెబ్‌సైట్: పని, గడువు, ఖర్చు

నమస్తే సార్,

మొన్న ఫ్యాక్టరీలో మనం మాట్లాడుకున్నవన్నీ ఒకచోట రాసి పంపమన్నారు కదా, ఇదిగో. కొంచెం పొడవుగానే ఉంటుంది. రేపు పని మొదలయ్యాక "ఇది చేస్తానన్నావు, అది చేయలేదేం" అనే మాట మన మధ్య రాకూడదు, అందుకే అన్నీ విడమరిచి రాస్తున్నాను. ఎంక్వైరీ మెయిల్స్ చూసేది మీ అబ్బాయి కాబట్టి ఆయనకు కూడా చూపించండి.

ముందు అసలు విషయం. మీ సైట్‌కి వచ్చేవాళ్లు ఎవరో ఒకసారి చూడండి. ఎక్కువమంది ఏదో కంపెనీలో పర్చేజ్ చూసేవాళ్లు, లేదంటే మెయింటెనెన్స్ ఇంజనీర్లు. ఎక్కడో ఒక పంపు లీకవుతోంది, చేతిలో పాత సీల్ ఉంది, దాని లోపలి వ్యాసం ఎంత, మందం ఎంత అన్నది వాళ్లకు తెలుసు. ఆ సైజు మీరు చేస్తారా, ఏ మెటీరియల్‌లో చేస్తారు, కనీసం ఎన్ని పీసులు తీసుకోవాలి, ఎన్ని రోజుల్లో వస్తాయి, వాళ్లకు కావాల్సింది ఈ నాలుగే. ఇప్పుడున్న సైట్‌లో ఈ నాలుగింటిలో ఒక్కదానికీ జవాబు లేదు. కదిలే బొమ్మలున్నాయి, నాణ్యత గురించి పెద్ద అక్షరాల్లో ఒక వాక్యం ఉంది, కింద ఫోన్ నంబరు ఉంది. అందుకే వచ్చే కాల్స్‌లో సగం "మీరు ఫలానాది చేస్తారా?" అనే దగ్గరే ఆగిపోతున్నాయని మీరే చెప్పారు. నేను చేయబోయే పని అంతా దీన్ని సరిచేయడానికే. అందంగా కూడా ఉంటుంది, కానీ అందం రెండో విషయం.

కాబట్టి ఎక్కువ శ్రమ ప్రొడక్ట్ పేజీల మీద పెడతాను. మీ దగ్గర మూడు వందలకు పైగా ఐటమ్స్ ఉన్నాయి, అన్నీ ఒకేసారి పెడదామని మీకు ఉంది, నాకు అర్థమైంది, కానీ మొదట 40 చాలు. బాగా అమ్ముడయ్యేవి, మార్జిన్ ఎక్కువున్నవి మీరే ఏరి ఇవ్వండి. ఓ-రింగులు, గ్యాస్కెట్లు, బుష్‌లు, డయాఫ్రమ్‌లు, ఇలా కుటుంబాలుగా విడగొట్టి, ఒక్కో ఐటమ్‌కి ఫొటో, సైజుల పట్టిక, ఏ మెటీరియల్‌లో దొరుకుతుంది, షోర్ హార్డ్‌నెస్ ఎంత, ఎంత వేడి తట్టుకుంటుంది, ఎక్కడ వాడతారు, ఇవన్నీ ఉంటాయి. మెటీరియల్స్‌కి విడిగా ఒక పేజీ రాస్తాను. నూనె తగిలే చోట నైట్రైల్, నీళ్లు, ఆవిరి, ఎండా వానా ఉన్న చోట ఈపీడీఎం, ఆ ఈపీడీఎంని నూనె దగ్గర వాడితే ఉబ్బిపోతుంది, ఇలా మీరు ఫోన్లో రోజూ చెప్పేవే మామూలు మాటల్లో అక్కడ ఉంటాయి. తేడా తెలియక తప్పు ఆర్డర్ పెట్టి తర్వాత వెనక్కి పంపేవాళ్లకు ఈ ఒక్క పేజీ చాలా ఉపయోగపడుతుంది. సంఖ్యలన్నీ మీ టెస్ట్ రిపోర్టుల నుంచే తీసుకుంటాను, ఊహించి ఏదీ రాయను. మీరు చూసి సరే అన్నాకే పేజీ బయటికి వెళ్తుంది.

ప్రతి ప్రొడక్ట్ పేజీ కింద ఎంక్వైరీ ఫారం ఉంటుంది. అందులో డ్రాయింగ్ అప్‌లోడ్ చేయొచ్చు, పీడీఎఫ్ అయినా, క్యాడ్ ఫైలు అయినా, ఫోన్లో తీసిన ఫొటో అయినా. ఏ ఐటమ్ పేజీ నుంచి వచ్చిందో ఆ కోడ్ మెయిల్‌లోనే కనిపిస్తుంది. పక్కనే వాట్సాప్ బటన్. చూసేవాళ్లలో చాలామంది షాప్ ఫ్లోర్ మీద నిలబడి ఫోన్లోనే చూస్తారు కాబట్టి సైట్ మొదట ఫోన్‌కి సరిపోయేలా చేసి, తర్వాత కంప్యూటర్‌కి సర్దుతాను. ఇవి కాక హోం పేజీ, ఫ్యాక్టరీ గురించి (ప్రెస్‌లు, టూల్ రూమ్, టెస్టింగ్), సర్టిఫికెట్లు, కాంటాక్ట్. అంతే.

మీ కంపెనీ పేరుతో మెయిల్ ఐడీలు కూడా పెట్టిస్తాను. మీ కొటేషన్లు అవతలివాళ్లకు స్పామ్‌లోకి పోతున్నాయన్నారు కదా, మెయిల్ నిజంగా మీ దగ్గర్నుంచే వచ్చిందని అవతలి సర్వర్‌కి చూపించే ఎస్‌పీఎఫ్, డీకిమ్ సెట్టింగులు డొమైన్‌కి సరిగ్గా పెడితే ఆ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

డొమైన్ సంగతి మాత్రం కాస్త జాగ్రత్తగా చదవండి. మీ ఇప్పటి డొమైన్ పాత సైట్ చేసినాయన పేరు మీద, ఆయన మెయిల్‌తో రిజిస్టర్ అయి ఉంది. అంటే కాగితం మీద అది మీది కాదు. రెన్యువల్ ఆయన మర్చిపోతే మీ సైట్ పేరు పోతుంది. ఆయనతో మీరు మాట్లాడి ట్రాన్స్‌ఫర్ కోడ్ అడగండి, అది వస్తే మిగతాది నేను చూసుకుంటాను. ఇవ్వకపోతే కొత్త పేరు తీసుకుందాం, దానికి నేను అదనంగా ఏమీ తీసుకోను. ఏదైనా సరే, ఈసారి డొమైన్, హోస్టింగ్ రెండూ మీ మెయిల్‌తో, మీ కార్డుతో, మీ పేరు మీదే ఉండాలి. నాకు లాగిన్ ఇస్తే చాలు. రేపు మీరు నన్ను కాదని ఇంకొకరికి పని ఇచ్చినా మీ ఆస్తి మీ దగ్గరే ఉంటుంది.

ఇందులో లేనివి కూడా చెప్పేస్తాను. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి కొనే ఏర్పాటు లేదు, మీ వ్యాపారానికి ఇప్పుడు అది అక్కర్లేదు కూడా. గూగుల్ ప్రకటనలు, లోగో మార్చడం, వీడియోలు లేవు. గూగుల్‌లో మొదటి స్థానం తెప్పిస్తానని మాట ఇవ్వను, అలా ఎవరైనా ఇస్తే నమ్మకండి. పేజీలు వేగంగా తెరుచుకునేలా, శీర్షికలు జనం వెతికే మాటల్లో ఉండేలా, పాత పేజీల లింకులు కొత్తవాటికి వెళ్లేలా చేయడం నా పని, అది తప్పకుండా చేస్తాను.

గడువు ఐదు వారాలు. మొదటి వారం మీ దగ్గరి సమాచారం తీసుకోవడం, ఫొటోలు తీయించడం. రెండో వారం హోం పేజీ, ఒక ప్రొడక్ట్ పేజీ డిజైన్ చూపిస్తాను, మార్పులుంటే అప్పుడే చెప్పేయండి, రెండు సార్లు మారుస్తాను. మూడు, నాలుగు వారాల్లో మిగతా పేజీలన్నీ. ఐదో వారం పరీక్షించడం, సైట్ పైకి ఎక్కించడం. ఇందులో ఆలస్యమయ్యేది దాదాపు ఎప్పుడూ ఒకచోటే, సమాచారం చేతికి రావడం దగ్గర. 40 ఐటమ్స్ సైజులు, రిపోర్టులు మొదటి వారంలో రాకపోతే ఎన్ని రోజులు ఆలస్యమైతే అన్ని రోజులు చివర కూడా జరుగుతుంది. ఈ పనికి ఫ్యాక్టరీలో ఒక మనిషిని చెప్పండి, ప్రతి చిన్నదానికీ మీకు ఫోన్ చేయడం నాకు ఇష్టం లేదు.

ఖర్చు మొత్తం 48,000 రూపాయలు. డిజైన్, సైట్ తయారీ 30,000, 40 ప్రొడక్ట్ పేజీల రాత, పట్టికలు 10,000, ఒక రోజు ఫొటోగ్రాఫర్‌కి 6,000, మెయిల్ సెట్టింగులకు 2,000. నాకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి దీని మీద పన్ను కలపను, ఇన్‌పుట్ క్రెడిట్ మాత్రం రాదు, మీ ఆడిటర్‌కి ఒక మాట చెప్పండి. పని మొదలుపెట్టేటప్పుడు 18,000, డిజైన్ ఓకే అయ్యాక 18,000, సైట్ పైకి వెళ్లిన వారంలోపు 12,000. డొమైన్, హోస్టింగ్, మెయిల్ బాక్సులకు ఏటా అయ్యేది మీరే నేరుగా కడతారు, ఎంతవుతుందో కొనేముందు ముగ్గురు నలుగురి రేట్లు చూసి చెప్తాను, అందులో నాకు కమిషన్ ఉండదు.

సైట్ మొదలయ్యాక మూడు నెలలు ఏ లోపం వచ్చినా ఉచితంగా సరిచేస్తాను. కొత్త ఐటమ్ మీరే ఎక్కించుకునేలా మీ అబ్బాయికి ఒక పూట కూర్చుని నేర్పిస్తాను. మీరే చేసుకుంటే ఖర్చు లేదు, నన్ను చేయమంటే పేజీకి 250.

ఈ రేటు, ఈ గడువు నెలాఖరు దాకా ఉంటాయి. ఏదైనా తగ్గించాలనుకుంటే మొత్తం మీద బేరం వద్దు సార్, 40ని 25 చేద్దాం, ఖర్చు దానికి తగ్గట్టు తగ్గుతుంది. ఫొటోలు మాత్రం తీసేయొద్దు, మీ పార్ట్ ఫినిషింగ్ ఎంత శుభ్రంగా ఉంటుందో చూపించేవి అవే.

సరే అనుకుంటే ఈ మెయిల్‌కే "మొదలుపెట్టండి" అని జవాబివ్వండి, అడ్వాన్స్ వివరాలు పంపుతాను. ఈలోగా ఆ 40 ఐటమ్స్ జాబితా, డొమైన్ గురించి పాత సైట్ చేసినాయనతో ఒక ఫోన్, ఈ రెండూ మొదలుపెట్టండి.

ఉంటాను సార్.