ట్రాలీ 3: పాముకాటు కేసు – ట్రయాజ్ చీటీకి సాఫు ప్రతి

ఎమర్జెన్సీ విభాగం, తిరుపతి. 12 సెప్టెంబరు 2025 రాత్రి. రాసింది: నైట్ డ్యూటీ సీనియర్ స్టాఫ్ నర్సు. చదవాల్సినవాళ్లు: ఐసీయూ సిస్టర్, ఉదయం డ్యూటీ డాక్టరు గారు.

చీటీలో ఉన్నది ఉన్నట్టుగా:

10.18 / మగ 46 / పాము – కు.కాలు – మడి – 8.30? / ఆర్‌వి? / కట్టు +, పసరు + / బీపీ 98/60 పి 116 ఆర్‌ఆర్ 22 సాట్ 97 టె 98.4 షు 138 జీసీఎస్ 15 / వాపు పిక్క దాకా, చిగుళ్లు నెత్తురు + / రెప్పలు సరి / ట్యూబు 10.26 – 10.46 గడ్డ లేదు / డ్రిప్ 2 / ఏఎస్‌వీ 10 – 10.5 / అడ్రి రెడీ / 11.1 దద్దుర్లు – ఆపి – అడ్రి 0.5 – 11.2 తగ్గె – మళ్లీ / కట్టు విప్పె / 104/66, 108

టైముల గురించి ముందే చెప్పాలి. చీటీలోవన్నీ ట్రయాజ్ గోడ గడియారం టైములు. అది మానిటర్ కంటే 6 నిమిషాలు ముందు నడుస్తోంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ఐసీయూలో మానిటర్ టైమే వాడతారు కాబట్టి కింద ప్రతి టైములోంచి 6 నిమిషాలు తీసేసి రాశాను. చీటీతో పోల్చేవాళ్లు ఈ తేడా గుర్తుంచుకోండి. ‘10.5’ అంటే 10:05 కాదు, అప్పటికి రోగి ఇంకా రానేలేదు. అది 10:50, మానిటర్ లెక్కన 10:44. ‘11.1’ని 11:01 అని కూడా చదవొచ్చు. కానీ మానిటర్ మెమరీలో 11:04కి బీపీ 86/52, పల్స్ 132 ఉన్నాయి. గోడ గడియారంలో అప్పుడు 11:10. అందుకే 11:10గా తీసుకున్నాను.

వచ్చింది: రాత్రి 10:12, 108 అంబులెన్సులో, భార్యతో. చంద్రగిరి మండలంలోని పల్లె. వరి మడికి నీళ్లు కట్టడానికి వెళ్లినప్పుడు కుడి కాలి చీలమండ దగ్గర కరిచింది. కాటు టైము చీటీలో ప్రశ్నార్థకంతో ఉంది, నేనూ అలాగే ఉంచుతున్నాను. “ఎనిమిదింటికి మోటారు కరెంటు వచ్చింది సార్, అరగంటకే అరిచినాడు” అని భార్య చెప్పింది. కాబట్టి 8:30 అనేది ఆమె అంచనా, గడియారం చూసి చెప్పింది కాదు. ఊళ్లో పసరు కట్టించి అరగంట ఆగారట. కోయడం, నోటితో పీల్చడం జరగలేదని ఇద్దరూ చెప్పారు.

పాము: తేలేదు, ఫోటో కూడా లేదు. “బండగా ఉండింది, వీపు మీద గుండ్రంగా మచ్చలు, గట్టిగా బుస కొట్టింది” అన్నాడు. ‘ఆర్‌వి?’ అంటే రక్తపింజర కావచ్చన్న అనుమానం మాత్రమే. కేస్ షీటులో ‘పాము రకం నిర్ధారణ కాలేదు’ అని రాశాను. ఏఎస్‌వీ ఇచ్చింది పాము పేరు చూసి కాదు, రక్తం గడ్డ కట్టకపోవడం చూసి. మనం వాడే మందు నాలుగు రకాల విషపాములకు కలిపి తయారైనదే.

బాధలు, రోగి మాటల్లో: “కాలు మంటగా ఉంది, సలుపుతా ఉంది. ఉమ్మేస్తే నెత్తురొస్తా ఉంది.” వాంతి ఒకసారి, దారిలో. మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, ఒకటి రెండుగా కనబడటం లేవు. బీపీ, షుగర్ మందులు వాడడు. ఇంతకుముందు పాముకాటు గానీ ఏ మందూ పడకపోవడం గానీ లేదన్నాడు.

10:12కి చూసినవి: బీపీ 98/60, పల్స్ 116, శ్వాస నిమిషానికి 22, ఆక్సిజన్ గాలిలోనే 97 శాతం, టెంపరేచర్ 98.4 ఫారిన్‌హీట్, షుగర్ 138, జీసీఎస్ 15. రెండు పళ్ల గుర్తులు, వాపు పిక్క సగం దాకా. చిగుళ్ల నుంచి రక్తం. రెప్పలు వాలలేదు. వాపు అంచున పెన్నుతో గీత గీసి టైము వేశారు. చీటీలో లేదు, కాలి మీద ఉంది. ఆ గీత చెరగనివ్వకండి.

చేసినవి:

10:20 – రెండు చేతులకూ డ్రిప్ లైన్లు. 2 మి.లీ. రక్తం శుభ్రమైన పొడి గాజు ట్యూబులో తీసి కదలకుండా పెట్టారు. చీటీలో ‘ట్యూబు’ అనే ఉంది. గాజుదేనా అని తీసిన సిస్టర్‌ని అడిగాను, అవునంది. ప్లాస్టిక్‌లో ఈ పరీక్షకు విలువ లేదు కాబట్టి అడగక తప్పలేదు. క్రియాటినిన్, ప్లేట్‌లెట్లు, పీటీ, మూత్ర పరీక్షకు శాంపిళ్లు వెళ్లాయి.

10:40 – ట్యూబు వంచి చూస్తే రక్తం నీళ్లలా జారింది, గడ్డ లేదు.

10:44 – ఏఎస్‌వీ 10 వయల్స్ సెలైన్‌లో, గంటలో వెళ్లేలా మొదలు. అడ్రినలిన్ సిరంజిలో సిద్ధం.

కట్టు: చీటీలో చివర్లో ఉంది, టైము లేదు. చీటీ వరుసను నమ్మితే దద్దుర్ల తర్వాత విప్పినట్టు అర్థమవుతుంది. విప్పిన సిస్టర్ చెప్పింది వేరు: ఏఎస్‌వీ మొదలయ్యాక, దద్దుర్లకు ముందు, డాక్టరు గారు పక్కనుండగా మెల్లగా వదులు చేశారు. అంటే 10:44కీ 11:04కీ మధ్య. విప్పాక పాదంలో నాడి తెలిసింది. ఇది ముఖ్యం. బీపీ పడింది కట్టు విప్పడం వల్లా, మందు పడకా అని రేపు ఎవరైనా అడుగుతారు. దద్దుర్లు, దురద, గొంతు పట్టేసినట్టు ఉండటం మూడూ 11:04కి కలిసే వచ్చాయి. డాక్టరు గారు దాన్ని ఏఎస్‌వీ రియాక్షన్‌గానే రాశారు.

11:04 – ఏఎస్‌వీ ఆపారు. అడ్రినలిన్ 0.5 మి.గ్రా. తొడ కండరంలో. హైడ్రోకార్టిజోన్ 100 మి.గ్రా., క్లోర్‌ఫెనిరమైన్ 10 మి.గ్రా. నరంలోకి (ఈ రెండూ మందుల చార్టు నుంచి, చీటీలో లేవు). సెలైన్ వేగంగా.

11:14 – దద్దుర్లు తగ్గాయి, ఊపిరి తేలిక.

మళ్లీ మొదలెట్టిన టైము ఎక్కడా రాసి లేదు. 11:24కి మానిటర్‌లో 104/66, పల్స్ 108 ఉన్నాయి, అప్పటికి డ్రిప్ నడుస్తోందని ఇద్దరు చెప్పారు. ‘11:14–11:24 మధ్య’ అని రాశాను. ఊహించి ఒక నిమిషం వేయడం నాకిష్టం లేదు.

12:20 – 10 వయల్స్ పూర్తి. బాటిల్ ఖాళీ కావడం నేనే చూశాను. బీపీ 110/70, పల్స్ 98, సాట్ 98. చిగుళ్ల రక్తం తగ్గింది. వాపు గీత దాటి రెండు వేళ్ల వెడల్పు పైకి వెళ్లింది.

12:35 – మొదటిసారి మూత్రం, 150 మి.లీ., ఎర్రగా ముదురు రంగు. డాక్టరు గారికి అప్పుడే చెప్పాను. కిడ్నీ డాక్టరు గారికి ఫోన్ వెళ్లింది.

చేయనివి: టీటీ ఇంజెక్షన్ ఇంకా ఇవ్వలేదు. రక్తం గడ్డ కట్టడం మొదలయ్యాకే ఇమ్మని ఆర్డరు. నొప్పికి పారాసిటమాల్ మాత్రమే, డైక్లోఫినాక్ వద్దు.

ఐసీయూ సిస్టర్‌కు: ప్రతి గంటకూ మూత్రం కొలిచి రాయండి. రెప్పలు, మెడ బలం, శ్వాస కూడా చూడండి. ఇప్పుడు సరిగ్గా ఉన్నాయని వదలొద్దు, పాము ఏదో మనకు తెలియదు. గాజు ట్యూబు పరీక్ష మళ్లీ ఉదయం 6:20కి, అంటే ఏఎస్‌వీ పూర్తయిన ఆరు గంటలకు. గడ్డ కట్టకపోతే ఇంకో 10 వయల్స్‌కు ఆర్డరు ఫైల్లో ఉంది. ఈసారి మొదటి చుక్క నుంచే డాక్టరు గారు పక్కన ఉండాలి.

ఎం.ఎల్.సి. రిజిస్టరులో ఎక్కించాను. చీటీని పారేయకుండా ఈ కాగితం వెనక పిన్ను చేశాను. దాని మీద ఎవరూ దిద్దొద్దు. చేర్చాల్సింది ఉంటే ఇక్కడ కింద, టైముతో, సంతకంతో రాయండి. ఆయన భార్య వెయిటింగ్ హాల్లో ఉంది, మూత్రం సంగతి డాక్టరు గారు ఆమెకు చెప్పారు, డయాలసిస్ అవసరం పడొచ్చని కూడా. పెద్ద కొడుకు బెంగళూరు నుంచి బస్సెక్కాడు, ఉదయానికి వస్తాడు.