ఉత్తరం గోడ

నాగాయలంకలో ఆ పాత డాబా ఇంటికి సుబ్బారావు మేస్త్రీ ఆరు గంటలకే వచ్చేశాడు. రంగు డబ్బాలు, నిచ్చెన, బ్రష్షులు ఏవీ తేలేదు. చొక్కా జేబులో రెండు సుద్దముక్కలు, వెనక చంటి. పనిలో చేరి నెల తిరగని కుర్రవాడికి ఇంత పొద్దున్నే వట్టి చేతులతో ఎందుకు వచ్చారో అర్థం కాలేదు.

"పడమటి కిటికీ మూసెయ్. ఆ లైటు కూడా ఆర్పెయ్" అన్నాడు మేస్త్రీ గదిలో అడుగు పెడుతూనే.

గది చీకటయింది. తూర్పు వైపు కిటికీ ఒక్కటే తెరిచి ఉంది. మార్గశిరం కాబట్టి సూర్యుడు దక్షిణానికి బాగా జరిగి ఉన్నాడు. ఎండ కొబ్బరిచెట్ల మీదికి లేవగానే వెలుతురు కిటికీలోంచి ఏటవాలుగా వచ్చి, ఉత్తరం గోడను రాసుకుంటూ చివరిదాకా పోయింది. నిన్న మధ్యాహ్నం చూసినప్పుడు చదునుగా కనబడిన గోడ అది. ఇప్పుడు ఆగిన అల, గీసిన తాపీ, ఎప్పుడో మేకులు పీకి పూడ్చిన గుంటలు అన్నీ లేచి నిలబడ్డాయి.

"ఎదురుగా నిలబడకు. గోడకు చెంప ఆనించి, పొడవునా చూడు."

చంటి చెంప ఆనించాడు. గోడ చల్లగా తగిలింది.

"నీడ ఎటు పడింది?"

"ఇక్కడ కిటికీ వైపు వెలుగు, అవతల వైపు నీడ."

"అయితే అది ఉబ్బు. ఎండకు ఎదురు నిలిచింది కనుక ఇటు మెరిసి, అటు నీడ పోస్తుంది. దాని పక్కది?"

"దానికి కిటికీ వైపే నీడ ఉంది. అవతలి అంచు మెరుస్తోంది."

"అది గుంట. ఉబ్బుకు సున్న చుట్టు, గుంటకు అడ్డగీత పెట్టు. ఉబ్బును గీకాలి, గుంటను లప్పంతో నింపాలి. తారుమారు చేశావంటే సగం రోజు వృథా. చేతితో తడిమి గుర్తు పెట్టుకుందామనుకోకు, ఎండ ఎక్కితే నీకే కనబడదు. గంటలో ఇదంతా మాయమైపోతుంది."

చంటి చకచకా గుర్తులు పెట్టుకుంటూ పోయాడు. మేస్త్రీ వెనకే నడుస్తూ గోడను వేళ్ల కణుపులతో తట్టాడు. గట్టి చోట పొట్టిగా పలికింది. ఒక మూల మాత్రం డొల్లగా మోగింది. "ప్లాస్టరు ఇటుకను వదిలేసింది. ఇది రాలగొట్టాలి" అన్నాడు. అరచేతితో మరోచోట రుద్దితే చేతికి తెల్లటి పొడి అంటింది. పాత డిస్టెంపరు పొడి రాలుతోందన్నమాట. దాని మీద ఏ రంగు వేసినా ఆ పొడిని పట్టుకునే నిలబడాలి. అలాంటి రంగు ఎన్నాళ్లు నిలుస్తుంది?

గోడ సగం దాటాక చంటి ఆగిపోయాడు. వాడి ఛాతీ ఎత్తున, ఒకే వరుసలో, చిన్న చిన్న పొక్కులు ఈ చివరి నుంచి ఆ చివరికి ఉన్నాయి. కొన్ని పగిలి లోపల తెల్లటి నూగు కనబడుతోంది.

"ఇదేమిటి మేస్త్రీగారూ? తాపీ మేస్త్రీ సాయంత్రం పని ఆపి, మర్నాడు మొదలుపెట్టిన అతుకా?"

"బాగానే ఆలోచించావు. మరి తూర్పు గోడ చూసి చెప్పు."

తూర్పు గోడ మీద ఎండ లేదు. చంటి చేతితో తడిమాడు. అదే ఎత్తున వేళ్ల కింద పొక్కులు చిట్లాయి. పడమటి గోడ మీదా అంతే. హాల్లోకి వెళ్లాడు, అక్కడా ఉంది. వెనక స్నానాలగది గోడ మీద మాత్రం లేదు. ఆ గది తర్వాత కట్టిందని ఇటుక చూస్తేనే తెలుస్తోంది.

"చెమ్మ కాదా?"

"నేల చెమ్మ ఎగబాకితే దాని అంచు వంకరటింకరగా ఉంటుంది. ఒక మూల మోకాలి దాకా, ఇంకో మూల నడుము దాకా. ఇది దారం పట్టినట్టుంది. కొత్త గోడ మీద లేదు. ఆ నూగు కాస్త నాలుక మీద పెట్టుకో."

చంటి పెట్టుకున్నాడు. ఉప్పు.

వాడు కాసేపు మాట్లాడలేదు. ఆ ఊళ్లో పెరిగినవాడికి ఎవరూ వివరించనక్కరలేదు. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఆ సంగతి చెబుతారు. 1977 నవంబరు 19, శనివారం.

"ఉప్పెన నీరు ఇక్కడిదాకా నిలిచిందా?"

"నిలిచే ఉండాలి. సముద్రపు నీరు ఇటుక తాగింది. నీరు ఆరిపోయినా ఉప్పు లోపలే ఉండిపోయింది. వానాకాలం గాలిలో తడి పీల్చుకుంటుంది, పొడిగాలి వీచినప్పుడు స్ఫటికం కట్టి రంగును పైకి నెడుతుంది. ఇన్నేళ్లయినా ఆ పని ఆపలేదు."

గుమ్మంలోంచి మామ్మగారు వచ్చారు. రెండు గ్లాసుల కాఫీ కిటికీ గట్టు మీద పెట్టి, చంటి గీసిన గుర్తుల వైపు, వాడి వేళ్లు ఆగిన చోటి వైపు చూశారు.

"ఇప్పటికి ముగ్గురు రంగులు వేశారు ఈ గదికి" అన్నారు. "ముగ్గురూ చెమ్మ అన్నారు. ఒకాయన తారు కూడా పూశాడు. ఎవరూ నన్ను అడగలేదు."

"మీరెక్కడ ఉన్నారమ్మా ఆ రాత్రి?" మేస్త్రీ మెల్లగా అడిగాడు.

"మేడ మీద. మా ఆయన, నేను, ఇద్దరు పిల్లలు, పక్కింటి వాళ్లు ఆరుగురు. మావాడికి అప్పుడు రెండేళ్లు. తెల్లవారాక మెట్లు దిగితే కిందిమెట్లు కనబడలేదు." ఆవిడ గ్లాసు మూత తీసి చంటికి అందించారు. "తాగు నాన్నా, చల్లారిపోతుంది."

ఆ రెండేళ్ల పిల్లవాడే ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నాడు. కూతురి పెళ్లి మాఘమాసంలో ఈ ఇంట్లోనే చేయాలని, గోడలన్నీ లప్పం పట్టించి మెరిసే ఎమల్షన్ వేయమని ఫోనులో చెప్పాడు. మేస్త్రీ కాఫీ తాగి అతనికే ఫోను చేశాడు.

"అబ్బాయిగారూ, మిగతా ఇల్లంతా మీరు చెప్పినట్టే. ఈ మూడు గోడలకూ, హాల్లో గీత ఉన్నంత మేరకూ మాత్రం సున్నమే వేస్తాను. లప్పం పట్టి ప్లాస్టిక్ రంగు వేస్తే ఉప్పు బయటికి రాలేక ప్లాస్టరునే పగలగొడుతుంది. వచ్చే వానాకాలానికి పెచ్చులుగా ఊడుతుంది. సున్నం అయితే గోడ ఊపిరి తీసుకుంటుంది. రాలినా పొడిగా రాలుతుంది, ఏడాదికోసారి మళ్లీ పూయించుకోవచ్చు... మెరవదు, నిజమే. డబ్బు తక్కువే అవుతుంది, ఎక్కువ కాదు... మీ అమ్మగారిని అడగండి."

ఫోను మామ్మగారికి ఇచ్చాడు. ఆవిడ విని, "సున్నమే వేయించు. పెళ్లిపీటలు హాల్లో వేసుకుందాం" అని పెట్టేశారు.

మేస్త్రీ పని పురమాయించాడు. మొదట ఆ పొక్కులన్నీ పొడి బ్రష్షుతో రాల్చాలి. తడిగుడ్డతో తుడిస్తే ఉప్పు కరిగి మళ్లీ ఇటుకలోకే పోతుంది. రాలింది నేల మీద వదలకుండా అక్కడికక్కడే ఎత్తేయాలి. గుల్ల సున్నం ఈ సాయంత్రమే పీపాలో నానబెట్టి, రేపు పల్చటి గుడ్డలో వడకట్టి, జిగురు కలపాలి. పల్చగా మూడు పూతలు, ఒకటి ఆరాకే మరొకటి.

"వంటింటికి వెలుతురు పడమటి నుంచి వస్తుంది" అన్నాడు సుద్దముక్క చంటి చేతిలో పెట్టి. "నాలుగు గంటలకు నువ్వే చూసి గుర్తులు పెట్టు. నేను తర్వాత వస్తాను."

"ముందు మామ్మగారిని అడగనా?"

"గోడ చూశాక అడుగు. ముందే అడిగితే ఆవిడ చెప్పినదే నీకు కనబడుతుంది."

చంటి తల ఊపి, వెళ్లి సామాను తెచ్చాడు. గోనెసంచి మూలకు పరిచి, పొడి బ్రష్షు అందుకున్నాడు. మొదటి పొక్కు దగ్గర గట్టిగా రుద్దబోతే మేస్త్రీ వాడి మణికట్టు పట్టుకుని, పై నుంచి కిందికి, తేలికగా, ఎలా లాగాలో చూపించాడు.