మత్తడి దూకిన నీళ్లు ఎటు పోతాయి?

8వ తరగతి సాంఘిక శాస్త్రం వీడియో, స్క్రిప్ట్. నిడివి 2 నిమిషాల 5 సెకన్లు.

కెమెరా, ఎడిటింగ్ చూసే ఇద్దరికీ ఒక మాట. తూము, మత్తడి: ఈ రెండింటి దగ్గరే పిల్లలు తికమకపడతారు. పేరు చెవిన పడే క్షణంలోనే ఆ వస్తువు కనపడాలి. బొమ్మకు ఇంకాస్త సమయం కావాలంటే గొంతును ఆపండి, బొమ్మను మాత్రం కత్తిరించకండి.

| తెర మీద | గొంతు |
|---|---|
| 0:00–0:15 ఎండిన చెరువు, మేస్తున్న గేదెలు. "వానలు" అనగానే అదే చోటు, అదే ఫ్రేము, నిండు చెరువు. | ఎండాకాలం ఈ నేల మీద గేదెలు మేస్తాయి. నాలుగు మంచి వానలు పడ్డాయా, నీళ్లు కట్టను తాకుతాయి. ఇంకా కురుస్తూనే ఉంటే? ఆ మిగులు నీళ్లు ఎటు పోవాలి? |
| 0:15–0:33 పాకాల చెరువు, కట్ట మీద నుంచి. తెర మీద అక్షరాలు: పాకాల, 13వ శతాబ్దం. | ఇది వరంగల్ జిల్లాలోని పాకాల చెరువు. కాకతీయ గణపతిదేవుడి కాలంలో కట్టించారు. ఇక్కడ నేల కింద గట్టి రాయి. ఏడాది పొడవునా పారే ఏరులు తక్కువ. అందుకే వాన నీటిని వాలులోనే ఆపి దాచుకున్నారు. |
| 0:33–1:00 యానిమేషన్, చెరువును నిలువునా కోసి చూపాలి. ముందు కట్ట ఒక్కటే. "తూము" అన్నాకే తూము వెలగాలి. చివర పొలం గట్టు మీద పార పట్టుకున్న మనిషి. | నీళ్లకు అడ్డంగా ఉన్న ఈ మట్టి గోడే కట్ట. అలలకు కోసుకుపోకుండా లోపలి వైపు రాళ్లు పేర్చారు. కట్ట కింద నుంచి బయటికి ఉన్న దారి తూము. తెరిస్తే నీళ్లు కాలువలో పడి పొలాలకు వెళ్తాయి. ఆ పొలాలే ఆయకట్టు. ఎవరి మడికి ఎంత వదలాలో చూసే మనిషి నీరటికాడు. |
| 1:00–1:42 మొదటి 3 సెకన్లు మత్తడి దగ్గరి షాట్, నీటి హోరు మాత్రమే. "గండి" దగ్గర యానిమేషన్. "నీళ్ల వెంట" నుంచి డ్రోన్, ఒకే షాట్, మధ్యలో కట్ వద్దు. మూడో చెరువు కనపడ్డాకే "గొలుసుకట్టు". | (3 సెకన్లు మాట లేదు) ఇది మత్తడి. కొన్ని ఊళ్లలో అలుగు అంటారు. దీని ఎత్తు కట్ట కన్నా తక్కువ. ఎందుకు? నీళ్లు మట్టి కట్ట మీదుగా పొర్లితే కట్ట కోసుకుపోయి గండి పడుతుంది. అంతదాకా రాకముందే ఇటు నుంచి దిగిపోవాలి. ఇప్పుడు ఆ నీళ్ల వెంట వెళ్దాం. వాగులో పడ్డాయి. అదిగో, ఇంకో చెరువు! అదీ నిండితే దాని మత్తడి దూకుతుంది. కింద మరొకటి. ఇవే గొలుసుకట్టు చెరువులు. |
| 1:42–2:05 యానిమేషన్: పై చెరువుకు గండి, కింది కట్ట మీదికి వరద. తర్వాత ఇళ్లు లేచి మూసుకుపోయిన వాగు. చివర ఊరి చెరువు, సాయంత్రం. | పై చెరువుకు గండి పడితే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కింది చెరువు మీద పడతాయి. మధ్యలో వాగును పూడ్చి ఇళ్లు కడితే నీళ్లు ఆ ఇళ్లలోకే వస్తాయి. మీ ఊరి చెరువు మత్తడి దూకితే నీళ్లు ఏ చెరువుకు చేరతాయి? ఇంటికెళ్లి తాతయ్యనో నానమ్మనో అడగండి. |