కిడ్నీ డైట్: ఒక కేసు, ఐదు ప్రశ్నలు, కీ

క్లినికల్ న్యూట్రిషన్ ఇంటర్నల్ పరీక్ష. మొత్తం 20 మార్కులు. సమయం 40 నిమిషాలు. కాలిక్యులేటర్ వాడవచ్చు. కేసును రెండుసార్లు చదివాకే పెన్ను పట్టండి, సగం జవాబులు అందులోనే ఉన్నాయి.

కేసు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతానికి చెందిన కొబ్బరితోట కూలీ, వయసు 54. షుగర్ లేదు. మూడు నెలలుగా హీమోడయాలసిస్ జరుగుతోంది. డయాలసిస్‌కు ముందు బరువు 53 కిలోలు, తర్వాత (డ్రై వెయిట్) 50 కిలోలు. రక్తంలో పొటాషియం 6.1, ఫాస్ఫరస్ 6.9, ఆల్బుమిన్ 3.0. మాటల్లో ఆయన చెప్పింది ఇది: "అప్పట్లో పప్పు, గుడ్డు తగ్గించమన్నారు. ఇప్పటికీ ముట్టడం లేదు. బీపీకి మంచిదని తక్కువ సోడియం ఉప్పు తెచ్చుకున్నాం. పనిలో దాహమేస్తే ఒక బొండాం తాగుతాను." ఫాస్ఫరస్ తగ్గించే మాత్ర రాత్రి పడుకునే ముందు వేసుకుంటున్నారు.

ప్రశ్నలు

1. ఈయనకు రోజుకు ఎంత ప్రోటీన్ ఇస్తారు? (4)
అ) 30 గ్రా. ఆ) 40 గ్రా. ఇ) 50–60 గ్రా. ఈ) 75–80 గ్రా.

2. ఆ ఉప్పులో 30 శాతం పొటాషియం క్లోరైడ్. రోజుకు 5 గ్రాములు వాడతారు. బొండాం నీళ్లు 300 మి.లీ., 100 మి.లీ.కి పొటాషియం 250 మి.గ్రా. అనుకోండి. ఈ రెండిటి నుంచే ఎంత పొటాషియం అందుతోంది? రిపోర్టు చూడగానే మీరు చేసే మొదటి పని ఏమిటి? (6)

3. ఒక తెల్లసొనలో ప్రోటీన్ 3.6 గ్రా., ఫాస్ఫరస్ 5 మి.గ్రా. పూర్తి గుడ్డులో 6.3 గ్రా., 100 మి.గ్రా. 100 మి.లీ. ఆవుపాలలో 3.2 గ్రా., 90 మి.గ్రా. ఈయనకు ఏది ముందు సూచిస్తారు? (4)

4. ఫాస్ఫరస్ మాత్ర వేసుకునే వేళలో తప్పేమిటి? (3)

5. ఆయన భార్య కూరగాయలు, పప్పు ఉడికించి, ఆ నీటితో చారు కాస్తారు. మీ సలహా ఏమిటి? (3)

కీ

1. జవాబు ఇ. 30 గ్రాములు పెట్టినవారు కిలోకు 0.6 లెక్క వేసి ఉంటారు. అది డయాలసిస్ మొదలవని, షుగర్ లేని రోగికి వాడే పరిమితి (కేడీఓక్యూఐ 2020 ప్రకారం 0.55–0.60). డయాలసిస్ మొదలయ్యాక ప్రతి సెషన్‌లో అమైనో ఆమ్లాలు పోతాయి కాబట్టి 1.0–1.2కు పెంచాలి. లెక్క 53 మీద కాదు, 50 మీద వేయాలి. పెరిగిన 3 కిలోలు నీరే. పాత సలహాను మార్చి చెప్పేవారు లేక ఈయన మూడు నెలలుగా పప్పూ గుడ్డూ మానేసి ఉన్నారు. 3.0 ఆల్బుమిన్‌కు ఇన్‌ఫెక్షన్, ఇన్‌ఫ్లమేషన్ లాంటి కారణాలూ ఉండొచ్చు. అయినా తిండి చరిత్రతో కలిపి చూస్తే ప్రోటీన్ లోటును అనుమానించకుండా ఉండలేం. ఈ మాట రాసినవారికి పూర్తి మార్కులు.

2. ఉప్పు నుంచి: 5 గ్రాములలో 30 శాతం అంటే 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్. అందులో పొటాషియం వాటా 39/74.5, అంటే దాదాపు 785 మి.గ్రా. బొండాం నుంచి 750 మి.గ్రా. మొత్తం సుమారు 1,535 మి.గ్రా., 39తో భాగిస్తే 39 మిల్లీఈక్వివలెంట్లు. అన్నం, కూర ఇంకా లెక్కలోకి రాలేదు.

మొదటి పని డైట్ చార్ట్ రాయడం కాదు. 6.1 చూడగానే డాక్టరుకు చెప్పాలి, ఈసీజీ తీయించాలి, డయాలసిస్ తప్పిపోయిందేమో అడగాలి. గుండె లయ తప్పే ప్రమాదం ఉన్నప్పుడు అరటిపండు మానమని చెప్పి పంపడం సరిపోదు. ఆ తర్వాతే ఉప్పు మార్పించడం, బొండాం ఆపించడం. మలబద్ధకం, వాడుతున్న బీపీ మందులు కూడా అడిగితే అదనంగా ఒక మార్కు ఇస్తాను. లెక్క సరిగ్గా వేసి డాక్టరు మాట రాయనివారికి 3 మార్కులే.

3. తెల్లసొన. గ్రాము ప్రోటీన్‌కు ఫాస్ఫరస్ ఎంతో చూడండి: తెల్లసొనలో 1.4 మి.గ్రా., పూర్తి గుడ్డులో 16, పాలలో 28. ప్రోటీన్ పెంచుతూనే ఫాస్ఫరస్‌ను అదుపులో ఉంచే దారి ఇది. పప్పును పూర్తిగా మాన్పించక్కర్లేదు, దానిలో ఫాస్ఫరస్ ఎక్కువగా ఫైటేట్ రూపంలో ఉండి కొంతే ఒంటికి పడుతుంది. అసలు భయం ప్యాకెట్లతో. కలిపిన ఫాస్ఫేట్ దాదాపు అంతా ఒంటికి పట్టేస్తుంది. కోలా లేబుల్ మీద ఐఎన్ఎస్ 338, ప్రాసెస్ చేసిన మాంసం మీద 450, 451, 452 కనిపిస్తే చాలు, వద్దనండి.

4. ఆ మాత్ర బైండర్, అది పేగులో తిండిలోని ఫాస్ఫరస్‌ను పట్టుకోవాలి. ఖాళీ కడుపుతో వేసుకుంటే పట్టుకోవడానికేమీ ఉండదు. భోజనంతో వేసుకోవాలి.

5. చిన్న ముక్కలుగా తరిగి, ఎక్కువ నీటిలో ఉడికించి, ఆ నీరు పారబోయాలి. పొటాషియం దిగేది ఆ నీటిలోకే, ఆ నీరే చారైతే చేసిన పని వృథా. కుక్కర్‌లో ఉడికించి నీరు ఉంచేసినా అంతే. 'నీటిలో నానబెట్టాలి' అని మాత్రమే రాసినవారికి ఒక మార్కు.