కాటు ఒడిశాలో, చికిత్స ఆంధ్రలో: గజపతి జిల్లా తెలుగు కుటుంబాల్లో పాముకాటు కేసుల నమోదుపై అధ్యయనం

ప్రవేశిక

పాముకాటు వల్ల ప్రపంచంలో ఏటా 81 వేల నుంచి 1.38 లక్షల మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కాలో చెయ్యో పోగొట్టుకుని, లేదా శాశ్వత వైకల్యంతో మిగిలేవారు అంతకు దాదాపు మూడింతలు. ఈ మరణాల్లో పెద్ద వాటా మన దేశానిదే. దేశవ్యాప్తంగా ఇళ్లకు వెళ్లి మరణకారణాలు తేల్చిన మిలియన్ డెత్ స్టడీ సమాచారం ఆధారంగా వేసిన లెక్క ప్రకారం 2000 నుంచి 2019 వరకు దేశంలో 12 లక్షల మంది పాముకాటుకు బలయ్యారు. అంటే సగటున ఏడాదికి 58 వేల మంది. సగం మరణాలు జూన్–సెప్టెంబరు నెలల్లోనే జరిగాయి. ఉడుపులు, కలుపుతీతలు సాగే రోజులవి, చేతులు నీళ్లలోను కాళ్లు గట్ల మీద గడ్డిలోను ఉండే రోజులు.

ఇదే అధ్యయనం 2001–03 దశలో పాముకాటు మరణాల రేటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష జనాభాకు 6.2, ఒడిశాలో 5.6 అని తేల్చింది. దేశంలో అత్యధిక రేట్లున్న రాష్ట్రాల్లో ఈ రెండూ ఉన్నాయి. మేము ఎంచుకున్న గజపతి జిల్లా ఒడిశాలో, ఈ రెంటి హద్దు మీదే ఉంది. 2011 జనగణన ప్రకారం జిల్లా జనాభా 5,77,817. ఒడిశా రేటునే దీనికి వర్తింపజేస్తే ఏడాదికి సుమారు 32 మరణాలు వస్తాయి. రేటు పాతది కాబట్టి ఈ సంఖ్యను కొలతగా తీసుకోకూడదు. అయినా ఎన్ని మరణాల కోసం వెతకాలో ఒక అందాజు ఇస్తుంది.

పాముకాటు మరణాల్లో చాలావరకు ఆపగలిగినవే. విషానికి విరుగుడు మందు యాంటీవీనం ఉంది, ఎప్పుడు ఎంత ఇవ్వాలో జాతీయ చికిత్సా మార్గదర్శకాలూ ఉన్నాయి. రక్తపింజర కాటును పట్టుకోవడానికి ప్రయోగశాల కూడా అక్కర్లేదు. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒకసారి వంచి చూస్తే చాలు. గడ్డకట్టకుండా జారితే విషం రక్తంలోకి చేరినట్టు. గాజుకు బదులు ప్లాస్టిక్ గొట్టం వాడినా, సబ్బుతో కడిగిన గొట్టం వాడినా మామూలు రక్తం కూడా గడ్డకట్టక తప్పుదారి పట్టిస్తుంది.

కట్లపాము సంగతి వేరు. నేల మీద పడుకున్న మనిషిని రాత్రి నిద్రలో కరుస్తుంది. వాపు ఉండదు, నొప్పి పెద్దగా ఉండదు, గాటు కంటికి ఆనకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, ఆపైన రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం. కడుపునొప్పి అని తెచ్చిన మనిషికి పాముకాటు చికిత్స మొదలవాలంటే ఆ రెప్పల వంక ఎవరో ఒకరు చూడాలి. ఊపిరి కండరాలు పడిపోయాక యాంటీవీనం ఒక్కటే సరిపోదు, వెంటిలేటర్ కావాలి. అందుకే ఏ ఆసుపత్రికి, ఎంతసేపట్లో, ఎన్ని మజిలీలు దిగి చేరారన్నది ఇక్కడ ప్రాణంతో సమానమైన ప్రశ్న.

ఈ దారి గురించి తెలిసినదల్లా ఆసుపత్రి గడప దగ్గరే మొదలవుతోంది. 2001–03 దశలో పాముకాటు మరణాల్లో 77 శాతం ఆరోగ్య కేంద్రాల బయటే జరిగాయని తేలింది. ఆసుపత్రి రిజిస్టర్లను మాత్రమే కూడితే వచ్చే సంఖ్య ఎంత తక్కువో దీన్నిబట్టే తెలుస్తుంది. ఈ లోటును పూడ్చే ప్రయత్నాలు మొదలయ్యాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటు విషబాధను నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. 2030 నాటికి మరణాలను సగానికి తగ్గించాలన్న లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది. పాముకాటు కేసులను, మరణాలను తప్పనిసరిగా నివేదించాల్సిన వాటిలో చేర్చమని అదే ఏడాది నవంబరులో రాష్ట్రాలను కోరింది.

ఇవన్నీ మంచి అడుగులే. అయితే ఈ లెక్కింపంతా రాష్ట్రం, జిల్లా అనే గళ్లలో సాగుతుంది. మనుషులు ఆ గళ్ల ప్రకారం ఆసుపత్రులకు వెళ్లరు. పర్లాఖిమిడి 1936 నుంచి ఒడిశాలో ఉన్నా, పర్లాఖిమిడి, కాశీనగర్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాల చుట్టరికాలు, సంతలు, పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు హద్దు అవతల ఆంధ్రలో ఉన్న పాతపట్నం వైపు అల్లుకునే ఉన్నాయి. పెద్దాసుపత్రి అవసరమైతే బరంపురం కంటే శ్రీకాకుళం దగ్గర. అక్కడ డాక్టరుతో, నర్సుతో తెలుగులో మాట్లాడొచ్చు, రాత్రి ఉండటానికి అత్తవారిల్లో మేనమామగారిల్లో ఉంటుంది. అలా హద్దు దాటిన రోగి ఒడిశా ఆసుపత్రి రిజిస్టరులో ఉండడు. ఆంధ్ర రిజిస్టరులో ఉన్నా, బంధువుల ఇంటి చిరునామా రాయిస్తే కాటు జరిగిన ఊరు కాగితం మీద మాయమవుతుంది. ఇక దారిలోనే ప్రాణం పోయి, శవాన్ని వెనక్కి తెచ్చేస్తే రెండు రిజిస్టర్లలోనూ ఉండడు.

మాట కూడా ఇక్కడ అడ్డు పడుతుంది. తెలుగువారు కట్లపాము అనేది ఒడియాలో చిత్తి. తెచ్చినవారు చెప్పిన పేరు విన్నవారికి అర్థం కాకపోతే కేస్ షీటులో ‘అన్‌నోన్ బైట్’ అని పడుతుంది.

లెక్క తప్పితే నష్టపోయేది ఇక్కడివారే. నిరుటి కేసుల సంఖ్యను చూసి యాంటీవీనం ఇండెంటు పెట్టే చోట, హద్దు దాటిన కేసులు వచ్చే ఏటి నిల్వను కూడా తగ్గిస్తాయి. మందు లేదని రోగిని పంపేస్తే మరికొందరు హద్దు దాటుతారు. ఒడిశా 2015లో పాముకాటును రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. మృతుల కుటుంబానికి 4 లక్షల రూపాయల సాయం ఉంది, దానికి మరణకారణం నిరూపించే కాగితం కావాలి. మరణం ఎక్కడా నమోదు కాని కుటుంబానికి ఆ దారి కూడా మూసుకుపోతుంది.

మేము వెతికినంతలో, ఈ హద్దులో ఒకే పాముకాటు కేసును ఊరి నుంచి రెండు రాష్ట్రాల రికార్డుల దాకా వెంబడించిన అధ్యయనం దొరకలేదు. రాష్ట్రస్థాయి అంచనాలకు సరిహద్దు కనబడదు, ఒక్క ఆసుపత్రి కేసుల మీద రాసిన నివేదికలకు రానివారు కనబడరు. తమిళనాడులో సేకరించిన విషంతో తయారైన యాంటీవీనం ఇక్కడి పాములపై ఎంత పనిచేస్తుందన్నది కూడా ముఖ్యమైన ప్రశ్నే. అది ప్రయోగశాలలో తేలవలసినది, దాన్ని ఈ పత్రంలో చేపట్టలేదు. మరణాల రేటును కూడా కొలవడం లేదు. లక్షకు ఐదారు చొప్పున జరిగే ఘటనకు నమ్మదగిన రేటు రావాలంటే మా నమూనా సరిపోదు.

కాబట్టి కాశీనగర్ బ్లాకులోను, పర్లాఖిమిడి చుట్టూ ఉన్న గోసాని బ్లాకులోను తెలుగు మాట్లాడే 24 గ్రామాల్లో, గత 12 నెలల్లో జరిగిన ప్రతి పాముకాటును ఇంటింటికీ వెళ్లి అడిగి నమోదు చేశాము. మనిషి బతికాడా పోయాడా అన్నదానితో నిమిత్తం లేకుండా, గాటు కనబడని అనుమానపు కేసులనూ చేర్చాము. ప్రశ్నపత్రం తెలుగులోనే ఉంది, పాములను పేరుతోను ఫొటోతోను గుర్తుపట్టమన్నాము. ఈ అధ్యయనం మూడు ప్రశ్నలకు జవాబు వెతుకుతుంది: కాటుపడినవారిలో ఎంతమంది మొదటి లేదా రెండో మజిలీలో హద్దు దాటారు, కాటు నుంచి మొదటి యాంటీవీనం మోతాదు దాకా ఎంత సమయం పట్టింది, ఇంటింటి సర్వేలో దొరికిన కేసుల్లో ఎన్ని రెండు రాష్ట్రాల రిజిస్టర్లలో ఏదో ఒకదానిలోనైనా సరైన ఊరిపేరుతో ఉన్నాయి.