అంకెలు కూడితే శేషం ఎలా తెలుస్తుంది?

మా మేనకోడలు ఆరో తరగతి. మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్ళింటికి వెళ్తే నోట్సు తెరిచి చూపించింది. భాజనీయతా సూత్రాలు మూడు, పెన్నుతో పెట్టెలు గీసి రాసుకుంది. అంకెల మొత్తం 3తో భాగించబడితే సంఖ్య కూడా 3తో భాగించబడుతుంది. 9కీ అంతే. 11కి మాత్రం ఒకటి వదిలి ఒకటి కూడి, రెండు మొత్తాల తేడా చూడాలి. గడగడా అప్పజెప్పి, ఆగి అడిగింది: "అది సరే మామయ్యా, 477ని తొమ్మిదితో భాగించమంటే నాలుగూ ఏడూ ఏడూ కూడతామెందుకు? నాలుగు నాలుగు కాదు కదా, నాలుగు వందలు కదా!"

ఈ ప్రశ్న నాకు ఆ వయసులో రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది.

డబ్బులతో చెప్పాను. తొమ్మిది మంది ఉన్నారు, నీ దగ్గర ఒక పది నోటు ఉంది. సమానంగా పంచు. తలా ఒక రూపాయి, ఇంకో రూపాయి మిగిలింది. ఇప్పుడు వంద నోటు పంచు. తలా 11 రూపాయలు, 99 అయిపోయాయి, మళ్ళీ ఒక రూపాయే మిగిలింది. వెయ్యి నోటు (2016లోనే రద్దయిపోయింది, లెక్క కోసం ఉందనుకో) పంచితే తలా 111, మిగిలింది ఒక రూపాయి. ఈ మూడింట్లో ఏ నోటు విడదీసినా తొమ్మిది మందికి పంచగా మిగిలేది ఒక్క రూపాయే.

ఎప్పటికీ ఇంతేనా? ఇంతే. వెయ్యి అంటే పది వంద నోట్లు. ఒక్కో వందకి ఒక్కో రూపాయి మిగిలితే పది రూపాయలు. ఆ పదిని మళ్ళీ పంచితే మిగిలేది ఒకటి. పదివేలకీ, లక్షకీ ఇదే మాట తిప్పి చెప్పుకోవచ్చు.

ఇప్పుడు 477 చూద్దాం. నాలుగు వంద నోట్లు, ఏడు పది నోట్లు, ఏడు రూపాయి బిళ్ళలు. వందల నుంచి నాలుగు రూపాయలు మిగిలాయి, పదుల నుంచి ఏడు, బిళ్ళలు ఏడూ ఇంకా పంచనేలేదు. మొత్తం 4 + 7 + 7 = 18. ఆ పద్దెనిమిదిని తొమ్మిది మందికి పంచితే తలా రెండు, చేతిలో ఏమీ మిగలదు. కాబట్టి 477 తొమ్మిదితో భాగించబడుతుంది. అంకెల మొత్తం అంటే పంచాక చేతిలో ఇంకా ఉన్న చిల్లర. అది తెలిస్తే సూత్రాన్ని బట్టీ పట్టక్కర్లేదు.

ఇంకో లాభం కూడా ఉంది. భాగించబడుతుందా లేదా అనే కాదు, శేషం ఎంతో కూడా ఇది చెప్పేస్తుంది. పటాన్‌చెరు నుంచి కోఠి వచ్చే 218 బస్సు నంబరు తీసుకోండి. 2 + 1 + 8 = 11, మళ్ళీ 1 + 1 = 2. 218ని 9తో భాగిస్తే శేషం 2. నిజమే, 216 + 2.

మూడుకి వేరే కారణం వెతకనక్కర్లేదు. వంద నోటు ముగ్గురికి పంచితే తలా 33, మిగిలేది ఒకటి. పదిలోనూ ఒకటే.

అయితే ఏడుకీ ఇలాగే కూడొచ్చా అంది వెంటనే. 25లో అంకెల మొత్తం 7, కానీ 25 ఏడుతో పోదు. పది నోటు ఏడుగురికి పంచితే మిగిలేది మూడు రూపాయలు, ఒకటి కాదు. అందుకే అంకెలు ఉన్నవి ఉన్నట్టు కూడితే కుదరదు.

పదకొండు దగ్గరే అసలు తమాషా. పదకొండు మందికి పది నోటు పంచాలి. తలా ఒకటి ఇద్దామంటే ఒక రూపాయి తక్కువ. పోనీ, లోటుగా రాసుకుందాం. వంద నోటుకి తలా తొమ్మిది, 99 పోయి ఒక రూపాయి మిగులు. వెయ్యికి? పది వందల్లో ఒక్కోదానికి ఒక రూపాయి మిగులు, మొత్తం పది. పది అంటే ఇందాకే చూశాం, ఒక రూపాయి లోటు. తలా 91 ఇస్తే 1001 కావాలి, మన దగ్గర వెయ్యే ఉంది. పదివేలకి పది లోట్లు. తలా ఒక రూపాయి వెనక్కి తీసుకుంటే 11 వస్తాయి, పది లోటు పూడి ఒకటి మిగులుతుంది. ఇలా మిగులు, లోటు, మిగులు, లోటు అని సాగుతుంది. ఒకటి వదిలి ఒకటి కూడటం అందుకే.

2728 తీసుకుంటే, ఒకట్ల నుంచి 8 మిగులు, పదుల నుంచి 2 లోటు, వందల నుంచి 7 మిగులు, వేల నుంచి 2 లోటు. 8 − 2 + 7 − 2 = 11. పిల్లలు తప్పు చేసేది ఇక్కడే. తేడా సున్నా వస్తేనే భాగించబడుతుందనుకుని 11 చూసి కొట్టేస్తారు. పదకొండు రూపాయలు మిగిలితే తలా ఇంకొకటి ఇచ్చేస్తే సరి! 2728 అంటే 11 × 248.

ఇదంతా పరీక్షకే అనుకోకండి. చిన్నప్పుడు నేను బేగంబజార్‌లో ఒక స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్లో పద్దులు రాసేవాణ్ణి. ఒక రాత్రి లెక్క 63 రూపాయలు తేడా వచ్చింది. నాకు ఒకటే టెన్షన్. పెద్ద గుమాస్తా గారు మాత్రం "తొమ్మిదితో పోతుంది కదా బాబూ, ఎక్కడో అంకెలు తారుమారు రాశావు, ఏడు తేడా ఉన్న జత వెతుకు" అన్నారు. పావుగంటలో దొరికింది. 1281 బిల్లును 1218 అని ఎక్కించాను. పక్కపక్క అంకెలు తారుమారైనా అంకెల మొత్తం మారదు. అంటే తొమ్మిదికి శేషమూ మారదు, తేడా తొమ్మిది గుణిజమే అవుతుంది.

అదే తొమ్మిదికి లోపం కూడా. 248 × 37 = 9176. తొమ్మిదికి శేషాలు గుణించి సరిచూద్దాం: 248కి 5, 37కి 1, గుణిస్తే 5. 9176కి 23, అంటే 5. కలిసింది. కానీ పొరపాటున 9716 అని రాసినా 5 అనే వస్తుంది. ఇక్కడ పదకొండు పట్టేస్తుంది. 248కి 6, 37కి 4, గుణిస్తే 24, అంటే శేషం 2. 9716కి 6 − 1 + 7 − 9 = 3. తప్పు బయటపడింది. అసలు జవాబు 9176కి −9 వస్తుంది, పదకొండు కలిపితే 2. నాకైతే తొమ్మిది కంటే పదకొండు మీదే నమ్మకం ఎక్కువ. కాస్త విసుగు పుట్టిస్తుంది, అంతే.

మా మేనకోడలు ఇదంతా విని, టీపాయ్ మీదున్న కరెంటు బిల్లు తిరగేసి అడ్రసు కింద పిన్‌కోడ్ చూసింది. 500060. వేళ్ళ మీద లెక్కపెట్టింది, సున్నా, మైనస్ ఆరు, సున్నా, సున్నా, సున్నా, మైనస్ ఐదు.

"మైనస్ పదకొండు వచ్చింది మామయ్యా."

"అయితే?"

కాసేపు ఆలోచించింది. "తలా ఒకటి వెనక్కి తీసుకుంటే సరిపోతుంది. పోతుంది!"

కాయితం మీద భాగించి చూశాం. 45460, శేషం సున్నా. మలక్‌పేట 500036 ఎంతో చూస్తానని పెన్ను తీసుకుంది.