హజ్జాజ్ కూఫా ప్రసంగంలో ఉపమ, ఇస్తిఆరా: పై తరగతి విద్యార్థికి పాఠం

తెలుగు, సంస్కృత అలంకారశాస్త్రం చదివి అరబ్బీ బలాగాలోకి వచ్చే విద్యార్థి మొదట ఒక అలవాటును పక్కన పెట్టాలి. ‘జైదున్ అసదున్’ (జైద్ సింహం) అన్న వాక్యాన్ని మనం వెంటనే రూపకం అంటాం. 11వ శతాబ్దపు అబ్దుల్ ఖాహిర్ అల్-జుర్జానీ మాత్రం దాన్ని ఉపమగానే, అంటే తష్బీహ్‌గానే లెక్కించాడు. ఉపమావాచకం లోపించినా ఉపమేయ, ఉపమానాలు రెండూ వాక్యంలోనే ఉన్నాయి కదా. రెండింటిలో ఒకటి పూర్తిగా మాయమైతేనే అది ఇస్తిఆరా, అంటే ‘అరువు’. ఈ లెక్కన ఇస్తిఆరాకు మన రూపకం కన్నా రూపకాతిశయోక్తే దగ్గర చుట్టం.

ఈ తేడా వచనంలో ఎలా పనిచేస్తుందో చూడటానికి హిజ్రీ 75 (సుమారు క్రీ.శ. 694)లో ఇరాక్ పాలకుడిగా వచ్చిన హజ్జాజ్ బిన్ యూసుఫ్ కూఫా మసీదులో చేసిన ప్రసంగాన్ని తీసుకుందాం. ఖవారిజ్ తిరుగుబాటుదారులతో పోరాడుతున్న సేనాని ముహల్లబ్ సైన్యాన్ని వదిలి ఇళ్లకు చేరిన సైనికులను తిరిగి దండుకు తోలడం అతని పని. అల్-జాహిజ్, అల్-ముబర్రద్ భద్రపరిచిన పాఠాల్లో మాటల తేడాలు కొన్ని ఉన్నా చిత్రాలు అవే.

‘ఇన్నీ ల-అరా రుఊసన్ ఖద్ అయ్‌నఅత్ వ హాన ఖితాఫుహా, వ ఇన్నీ ల-సాహిబుహా’: పండిన తలలు నాకు కనిపిస్తున్నాయి, కోతకు వేళయింది, వాటి కోత నాదే. ఇక్కడ ఫలం అన్న మాట ఎక్కడా లేదు. పండటం, కోత అనే ఫలధర్మాలు మాత్రమే మిగిలి, అవి నేరుగా తలలకు అంటుకున్నాయి. ఉపమేయం నిలిచి ఉపమానం దాగిన ఈ రకాన్ని మక్నియ్యా అంటారు. 14వ శతాబ్దపు ఖతీబ్ అల్-ఖజ్వీనీ దృష్టిలో మనసులో దాచుకున్న ఆ పోలికే మక్నియ్యా. ‘తలలు పండ్లలా ఉన్నాయి’ అంటే వినేవాడికి కాదనే అవకాశం ఉండేది. పండటాన్ని అప్పటికే జరిగిన పనిగా చెప్పేసరికి ఇక కోత ఒక్కటే మిగిలింది. స్వర్గఫలాల గురించి ‘ఖుతూఫుహా దానియా’ (దాని గుత్తులు చేతికందేలా ఉంటాయి) అన్న ఖుర్ఆన్ (69:23) మాట ఎరిగిన చెవికి ఈ ‘ఖితాఫ్’ మరింత భయంకరంగా వినిపిస్తుంది.

వెంటనే వచ్చే వాక్యమే పరీక్షల్లో చాలామందిని పడగొడుతుంది. ‘వ కఅన్నీ అన్‌జురు ఇలద్దిమాఇ బైనల్ అమాఇమి వల్లిహా’: తలపాగాలకూ గడ్డాలకూ నడుమ నెత్తురును చూస్తున్నట్టే ఉంది. ‘కఅన్న’ కనిపించింది కాబట్టి ఉపమ అని రాసేస్తారు. కానీ ఇక్కడ దేన్ని దేనితో పోల్చాడు? నెత్తురు నెత్తురే, తలపాగా తలపాగాయే. జరగబోయేదాన్ని కళ్లముందుకు లాగే ఈ వాడుకను కొందరు వ్యాకరణకర్తలు తఖ్రీబ్, అంటే ‘దగ్గర చేయడం’ అన్నారు.

తరువాతి అమ్ములపొది చిత్రం నా లెక్కలో మొత్తం ప్రసంగానికే గట్టి కట్టడం. ఖలీఫా తన అమ్ములపొదిని ముందు కుమ్మరించి, ఒక్కొక్క పుల్లనూ పంటితో కొరికి చూసి, అన్నిటిలో చేదైన, విరవడానికి కష్టమైన పుల్లగా నన్ను గుర్తించి మీ మీదికి విసిరాడంటాడు హజ్జాజ్. ‘అజమ’ అన్న క్రియ కర్ర గట్టిదనం తెలుసుకోవడానికి కొరకడమే. ఆ కొరకడం ఉంది కాబట్టే ‘అమర్రహా’ (అన్నిటికన్నా చేదు) అన్న విశేషణానికి చోటు దొరికింది. ఇలా ఉపమానానికే చెందిన వివరాలతో చిత్రాన్ని పెంచుకుంటూ పోవడం తర్షీహ్. ఇంకొకటి గమనించండి: ఇంతకు ముందు కోతకు యజమాని అయినవాడు ఇక్కడ మరొకరి చేతి బాణమయ్యాడు. క్రూరత్వం తనది, అధికారం ఖలీఫా అబ్దుల్ మలిక్‌ది అని రెండు చిత్రాలు కలిసి చెబుతున్నాయి.

చివరి బెదిరింపుల్లో ‘వలె’ అనే అర్థమిచ్చే ‘క’ లేదు, ‘కఅన్న’ లేదు, అయినా అవి ఉపమలే. ‘ల-అల్‌హువన్నకుమ్ లహ్‌వల్ అసా’: కర్ర బెరడు ఒలిచే ఒలుపు మిమ్మల్ని ఒలుస్తాను. క్రియకు దాని ధాతువు నుంచే పుట్టిన మస్దర్‌ను, అంటే క్రియానామాన్ని చేర్చి, దాన్ని ఉపమానానికి ముడివేస్తే వాచకం అక్కర్లేకుండా పోతుంది. మన లుప్తోపమకు ఇది సాటి. రెండోది సలమా అనే ముళ్లచెట్టు: ఆకులు రాల్చేందుకు దాని కొమ్మల్ని ముందు గట్టిగా కట్టేస్తారు. మూడోది ‘దర్బ గరాఇబిల్ ఇబిల్’, పరాయి ఒంటెలను కొట్టే దెబ్బ. ఇక్కడ సమానధర్మం దెబ్బల తీవ్రత ఒక్కటే అని రాస్తే సగం మార్కులే. వేరే మందకు చెందిన ఒంటె నీళ్ల దగ్గరికి చొరబడితే దాన్ని కొట్టేది చంపడానికి కాదు, అక్కడి నుంచి తోలేయడానికి. దండులో ఉండాల్సిన మనుషులు కూఫాలో ఉన్నారు. వారికి ముహల్లబ్‌ను చేరేందుకు హజ్జాజ్ ఇచ్చిన గడువు మూడు రోజులు.